ఎర్త్ ఉంది, బ్రేకర్ ఉంది. అయినా షాక్ ఎందుకు కొడుతుంది?

ఎలక్ట్రిక్ స్కూటర్ ఇంటికి రాగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "పోర్టికోలో ప్లగ్గు ఉంది కదా, అందులో పెట్టుకుంటే చాలదా? దానికోసం మళ్ళీ కొత్త లైన్ ఎందుకు?"

అడగవలసిన ప్రశ్నే. స్కూటర్‌తో ఇచ్చే చార్జర్ చాలావరకు 750 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. అది మన లైన్ నుంచి నాలుగు యాంపుల లోపే లాగుతుంది. ఇస్త్రీపెట్టె కూడా ఇంచుమించు అంతే తీసుకుంటుంది, గీజరైతే అంతకు రెట్టింపు పైనే. ఆ లెక్కన స్కూటర్ పెద్ద భారమేమీ కాదు. తేడా వాడే సమయంలో ఉంది. ఇస్త్రీపెట్టె వేడెక్కగానే ఆగుతుంది, మళ్ళీ కాసేపటికి అందుకుంటుంది. గీజరు పావుగంటలో పని ముగిస్తుంది. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే మాత్రం నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది. అన్ని గంటలూ కరెంటు ఎడతెగకుండా పారుతుంది. అదీ రాత్రిపూట, ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు, తరచుగా తడి తగిలే చోట.

మామూలు ప్లగ్గు ఎందుకు మాడుతుంది?

గోడమీది చిన్న ప్లగ్గు ఆరు యాంపులది. లెక్క ప్రకారం నాలుగు యాంపులు దానికి ఎక్కువ కాదు. కానీ ఏళ్ళ తరబడి వాడిన సాకెట్ లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు వదులవుతాయి. పిన్ను పూర్తిగా అంటుకోదు, ఒకటి రెండు బిందువుల దగ్గర మాత్రమే తగులుతుంది. ఆ బిందువు దగ్గర అర ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. వేడి అంటే కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించడమే: నాలుగు నాళ్ళు పదహారు, అందులో సగం ఎనిమిది. ఎనిమిది వాట్లు వినడానికి ఏమంత కాదు. కానీ అది గ్రాము రెండు గ్రాముల ఇత్తడిలో, ప్లాస్టిక్ డబ్బా లోపల, గాలి ఆడని చోట ఐదు గంటలు పుడుతూనే ఉంటుంది. వేడికి రేకు ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్ళకు సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ వస్తుంది, కాలిన బేకలైటు వాసన వస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇంత జరుగుతున్నా ఎంసీబీ పడిపోదు. లైన్‌లో పారేది ఆ నాలుగు యాంపులే గనుక దాని దృష్టిలో అంతా సవ్యంగా ఉన్నట్టే. వదులైన అతుకును ఎంసీబీ కనిపెట్టలేదు, ఆ పని మన చేతులు చెయ్యాలి. చార్జింగ్ పెట్టిన గంట తరవాత ప్లగ్గు పిన్నుల్ని తాకకుండా దాని వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి నిలపలేనంత వేడి ఉంటే ఆ రాత్రి నుంచే అందులో పెట్టడం మానెయ్యాలి.

అందుకే స్కూటర్‌కి 16 యాంపుల పెద్ద సాకెట్ కావాలి. దాని పిన్నులు లావు, రేకులు గట్టివి. నాలుగు యాంపులు దాని సత్తాలో నాలుగో వంతే. పెద్ద పిన్నును చిన్న సాకెట్‌లోకి మార్చే కన్వర్టర్, చుట్టలు చుట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడితే పెద్ద సాకెట్ వల్ల వచ్చిన లాభమంతా పోతుంది. వాటివల్ల వదులుగా ఉండే అతుకులు మరో రెండు మూడు చేరతాయి, అంతే.

బ్రేకర్ ఎంతది? ఎవరిని కాపాడటానికి?

బ్రేకర్ స్కూటర్‌ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. చార్జర్‌కి తన రక్షణ తనలోనే ఉంటుంది. డీబీ బాక్సులోని ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. దాని అంకె వైరు మోయగలిగినదాన్ని బట్టే ఉండాలి.

ఒక ఇల్లు తీసుకుందాం. హాల్లో డీబీ బాక్సు ఉంది, అక్కడి నుంచి పోర్టికోలో స్కూటర్ నిలిపే చోటికి పైపు దారిలో 18 మీటర్లు. దీనికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 యాంపుల ఎంసీబీ సరిపోతాయి. ఆ వైరుకు కిలోమీటరుకి ఏడున్నర ఓముల నిరోధం ఉంటుంది. రానుపోను 36 మీటర్లకు పావు ఓముకి కాస్త ఎక్కువ. నాలుగు యాంపులకు పోయే వోల్టేజి ఒక వోల్టు, అంటే లెక్కలోకి రాదు. అలాంటప్పుడు ఒకటిన్నర వైరు చాలదా అని ఎలక్ట్రీషియన్ అడగవచ్చు. ఈ చార్జర్ ఒక్కదానికే అయితే చాలు. కానీ సాకెట్ పదహారు యాంపులది. రేపు అందులో ఎవరో నీళ్ళ మోటారు పెడతారు, ఎల్లుండి ఇంకా పెద్ద చార్జర్ ఉన్న బండి వస్తుంది. సాకెట్ ఎంతవరకు ఇవ్వగలదో అంతవరకూ వైరు మొయ్యాలి.

కొందరు 'మాటిమాటికీ పడిపోకుండా' 32 యాంపుల ఎంసీబీ వేస్తారు. ఇది నిజంగా ప్రమాదం. పైపులో బిగించిన 2.5 వైరు మోయగలిగింది సుమారుగా ఇరవై యాంపులే. 32 యాంపుల ఎంసీబీ ఆ రెండింటి మధ్య ఎంత పారినా ఊరుకుంటుంది, వైరు తొడుగు లోపలే కాగిపోతుంది. 16 యాంపులదైనా 17 కాగానే పడిపోదు. దాదాపు ఒకటిన్నర రెట్ల దగ్గర, అంటే 23 యాంపుల దగ్గర గంటలోపు పడాలన్నది దాని ప్రమాణం. అందుకే దానికీ వైరుకీ మధ్య ఆ మాత్రం వెసులుబాటు ఉంచాలి.

ఎంసీబీ రెండు పోళ్ళది కావాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగాలి. మన ఇళ్ళలో ఎక్కడో ఒకచోట ఆ రెండూ తారుమారై ఉండటం కొత్త కాదు. ఒక్క పోలు మాత్రమే తెంచితే, ఆపేశాం కదా అన్న ధీమాతో సాకెట్ విప్పిన మనిషికి ఫేజ్ తగలవచ్చు.

ఎర్త్ ఉన్నా షాక్ ఎలా కొడుతుంది?

ఎర్త్ వైరు ఉంటే షాక్ కొట్టదని, ఏదైనా లీకైతే ఎంసీబీ పడిపోతుందని మనందరికీ ఒక నమ్మకం. లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం నిలవదు.

మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ చాలా ఇళ్ళకు స్తంభం మీదినుంచి ఫేజ్, న్యూట్రల్ వస్తాయి. ఎర్త్ మాత్రం ఇంటివాళ్ళు తవ్వుకున్న గుంతదే. లీకైన కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరాలంటే మన గుంతలోకి దిగి, మట్టిలోంచి వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ గుంతలోంచి పైకి రావాలి. వేసవిలో ఎండిపోయిన మన గుంత నిరోధం 15 ఓములు, అవతలి గుంతది 5 ఓములు అనుకుందాం. మొత్తం 20.

చార్జర్ కేబుల్‌ని ఎలుక కొరికింది, లేదా స్టాండు కింద పడి నలిగింది. ఫేజ్ తీగ బండి లోహభాగానికి తగిలింది. 230 వోల్టులను 20తో భాగిస్తే పదకొండున్నర యాంపులు. మన ఎంసీబీ 16 యాంపులది. పదకొండున్నరను అది ఎన్ని రోజులైనా మోస్తుంది, పడిపోదు. ఈలోపు బండి ఒంటిమీద ఎంత వోల్టేజి నిలిచి ఉందో చూడండి: 20 ఓములలో మన గుంత వాటా 15, కాబట్టి 230లో ముప్పావు వంతు. 172 వోల్టులు. అదే ఎర్త్‌కి కలిపి ఉన్న ఫ్రిజ్, వాషింగ్ మిషన్ ఒంటిమీద కూడా అంతే. ఎర్త్ ఉంది, బ్రేకర్ ఉంది. అయినా తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి బండి మీద చెయ్యి వేసినవారికి ప్రాణాపాయం.

గుంత బాగుంటే? మనది 3 ఓములు, అవతలిది 2 అనుకుందాం. అప్పుడు 46 యాంపులు పారుతుంది, 16కి దాదాపు మూడు రెట్లు. ఎంసీబీ ఈసారి పడిపోతుంది గానీ వెంటనే కాదు. లోపలి ద్విలోహపు రేకు వేడెక్కి వంగాలి, దానికి ఒక నిమిషం దాకా పట్టవచ్చు. 'సి' రకం 16 యాంపుల ఎంసీబీ క్షణంలో తెగాలంటే 80 నుంచి 160 యాంపులు పారాలి. ఇంటి గుంత ద్వారా అంత కరెంటు పారడం దాదాపు అసాధ్యం.

ఈ ఖాళీని పూరించేది ఆర్‌సీసీబీ. అది కరెంటు ఎంత అని చూడదు. ఫేజ్ వైరులో వెళ్ళినంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. 30 మిల్లీయాంపుల తేడా వస్తే తెంచేస్తుంది. నాలుగు యాంపులు వెళ్ళి నాలుగు తిరిగొస్తే దానికి అభ్యంతరం లేదు. పైన చెప్పిన పదకొండున్నర యాంపుల లీకు దాని హద్దుకు దాదాపు నాలుగు వందల రెట్లు. సెకనులో ఇరవై అయిదో వంతులో తెగిపోతుంది.

"అయితే ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ అక్కర్లేదా?" కావాలి, కారణం ఇదీ: ఎర్త్ లేకపోతే లీకైన కరెంటుకి పోయే దారి లేదు. పోనంతవరకూ తేడా రాదు, ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. మొదట బండిని ముట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు. అప్పుడు తెగుతుంది గానీ ఆ ఒక్క దెబ్బా అతని ఒంట్లోంచి పోయాకే. ఎర్త్ ఉంటే, ఎవరూ ముట్టుకోకముందే, లీకు మొదలైన క్షణమే తెగిపోతుంది. ఎర్త్ దారి చూపుతుంది, ఆర్‌సీసీబీ తెంచుతుంది. ఒకటి ఉండి రెండోది లేకపోతే సగం రక్షణే.

ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడ్ తెలియదు, ఎంసీబీకి చిన్న లీకు తెలియదు. రెండూ ఒకే డబ్బాలో కలిసి వచ్చేది ఆర్‌సీబీవో. స్కూటర్ లైన్‌కి అదే సుళువు: రెండు పోళ్ళు, 16 యాంపులు, సి రకం, 30 మిల్లీయాంపులు. కొనేటప్పుడు 'టైప్ ఏ' అడగండి. చార్జర్ ఏసీని డీసీగా మారుస్తుంది కాబట్టి అందులో లీకు కూడా అలలు తెగిన డీసీ రూపంలో ఉండవచ్చు. మామూలు 'టైప్ ఏసీ' పరికరం అలాంటి లీకును పట్టుకోకపోవచ్చు. ఫేజ్, న్యూట్రల్ రెంటినీ ఒకే మనిషి ఒకేసారి పట్టుకుంటే మాత్రం ఏ రకమూ కాపాడదు. వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొస్తుంది గనుక దానికి ఆ మనిషికీ చార్జర్‌కీ తేడా తెలియదు.

ఎర్త్ గుంత ఎలా?

కొత్త గుంత కావాలా అన్నది కొలిచాకే తేలుతుంది. రెండు మేకులు భూమిలో దిగేసి ఎర్త్ టెస్టర్‌తో కొలవడం సరైన పద్ధతి. ఇళ్ళకు 5 ఓముల లోపు వస్తే మంచిది. టెస్టర్ దొరకని చోట, అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీకి ముందువైపు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాతరకం బల్బు వెలిగించి వోల్టేజి చూస్తారు. బల్బు లేనప్పుడు ఫేజ్–ఎర్త్ మధ్య 230 చూపి, వెలిగించగానే 215కి పడిందనుకోండి. పోయిన 15 వోల్టులను బల్బు లాగే సుమారు 0.4 యాంపులతో భాగిస్తే 37 ఓములు. ఆ ఎర్త్ బలహీనం. వట్టి మీటరు పెట్టి 230 చూపిందని సంతోషపడితే మోసపోతాం. మీటరు దాదాపు కరెంటు లాగదు కాబట్టి తెగబోతున్న ఎర్త్‌లో కూడా నిండు వోల్టేజి కనిపిస్తుంది. ఈ బల్బు పరీక్ష ఇంటివాళ్ళు చెయ్యకూడదు. ఎర్త్ ఎక్కడైనా తెగి ఉంటే, బల్బు వెలిగించగానే ఇంట్లోని లోహపు వస్తువులన్నిటికీ ఫేజ్ చేరుతుంది.

కొత్తగా తవ్వితే గోడకు కనీసం మీటరున్నర దూరంలో, మూడు మీటర్ల దాకా లోతుకి జీఐ పైపు దించుతారు. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వెయ్యడం పాత పద్ధతి. ఉప్పు నిరోధాన్ని త్వరగా తగ్గిస్తుంది, కానీ అదే ఉప్పు కొన్నేళ్ళలో పైపును తినేస్తుంది. అందుకే ఇప్పుడు రాగి పూత రాడ్డు చుట్టూ తేమ నిలిపే బెంటొనైట్ పొడి నింపుతున్నారు. నా ఉద్దేశంలో ఖర్చు కొంచెం ఎక్కువైనా అదే మేలు. కృష్ణా, గోదావరి ఒండ్రు నేలలో ఒక్క గుంతతోనే పని జరుగుతుంది. హైదరాబాదులోని రాతినేలలోనో రాయలసీమ గట్టినేలలోనో ఒకటి చాలకపోవచ్చు. అప్పుడు దూరంగా రెండోది వేసి రెంటినీ కలపాలి, పక్కపక్కనే వేస్తే లాభం సగం పోతుంది. పాత గుంత ఉంటే దాన్నీ కొత్తదాన్నీ విడివిడిగా ఉంచకూడదు. స్కూటర్‌కి ఒక ఎర్త్, ఇంటికి ఒక ఎర్త్ అయితే లీకైన రోజున రెండింటి మధ్యే వోల్టేజి నిలుస్తుంది. ఒక చెయ్యి బండి మీద, ఇంకో చెయ్యి వాషింగ్ మిషన్ మీద ఉంటే అదే షాక్ అవుతుంది. డీబీ బాక్సులోని ఎర్త్ బారు దగ్గర అన్నీ ఒక్కటి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో గుంతకు నీళ్ళు పొయ్యడం మరవకూడదు.

కొందరు గుంత తవ్వే శ్రమ తప్పించుకోవడానికి సాకెట్‌లోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపేస్తారు. టెస్టర్‌కి అంతా బాగానే కనిపిస్తుంది. స్తంభం మీద న్యూట్రల్ తెగిన రోజున ఫేజ్ ఇంట్లో వెలిగే బల్బుల గుండా న్యూట్రల్‌కి, అక్కడి నుంచి నేరుగా బండి ఒంటిమీదికి వస్తుంది. ఆర్‌సీబీవో పెట్టాక దాని తరవాత ఇలా కలిపి ఉంటే అది తరచూ పడిపోతూ ఉంటుంది. అప్పుడు 'ఇది చెడిపోయింది' అని దాన్ని తీసి పక్కన పెట్టేస్తారు. నేను ఎక్కువగా భయపడేది ఈ పనికే.

సాకెట్ ఎక్కడ, ఎలా బిగించాలి?

మూడు వైర్లు: ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. మూడూ 2.5 వే, డీబీ నుంచి సాకెట్ దాకా మధ్యలో అతుకు లేకుండా. ఎర్త్ పెద్ద రంధ్రం పైకి ఉండేలా ఎదురుగా చూస్తే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. స్క్రూ బిగించాక ఒక్కో వైరునూ చేత్తో గుంజి చూడాలి. తీగ పోగులు సగం బయట, సగం లోపల ఉంటే అక్కడే మాడుతుంది.

వాన జల్లు తగలని గోడ చూసి, మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ డబ్బాలో బిగించాలి. పైపు డబ్బాలోకి పైనుంచి కాక కిందినుంచి వస్తే నీళ్ళు దాని వెంట దిగవు. ఎత్తు నాలుగడుగులకు తగ్గకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఎంత ఎత్తుదాకా నిలిచాయో చూసినవారికి వివరించక్కర్లేదు. అలాంటి చోట ఐదడుగులైనా ఎక్కువ కాదు. కేబుల్ వేలాడి నేలమీద పడకుండా పక్కనే ఒక కొక్కెం కొట్టించండి. బండి చక్రాల కిందా స్టాండు కిందా నలిగే కేబుళ్ళకు ఆ చిన్న కొక్కెమే మందు.

అపార్ట్‌మెంట్ సెల్లారులో అయితే వైరు మీ మీటరు నుంచే రావాలి, కామన్ మీటరు నుంచి కాదు. మీటరు బోర్డు దగ్గరే ఆర్‌సీబీవో పెట్టించి, సంఘం అనుమతితో పైపు వేయించుకోవాలి. ఇంటి కనెక్షన్ మీదే బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇన్వర్టర్ లైన్ మీద మాత్రం ఈ సాకెట్ పెట్టకండి. చార్జర్ దాని బ్యాటరీని చూస్తుండగానే ఖాళీ చేస్తుంది.

ఇంత చేసినా ఈ లైన్ కాపాడేది గోడ నుంచి చార్జర్ దాకానే. బ్యాటరీ లోపలి సెల్లు వేడెక్కి అంటుకుంటే బయటి బ్రేకర్ ఆపలేదు, అది బ్యాటరీలోని నియంత్రణ పరికరం పని. కాబట్టి పడకగదిలోనూ, బయటికి పోవడానికి ఉన్న ఒక్క మెట్ల దారి కిందా చార్జింగ్ పెట్టవద్దు.

పడిపోతే ఏం చూడాలి?

ఆర్‌సీబీవో మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి, నొక్కగానే పడాలి. పడకపోతే మార్చాలి. కానీ ఆ బటన్ ఎర్త్‌ని పరీక్షించదు. ఎర్త్ తీగ తెగి ఉన్నా అది చక్కగా పడుతుంది.

మామూలు రోజుల్లో పడిపోతే ఎప్పుడు పడిందో గుర్తుపెట్టుకుంటే సగం కారణం దొరికినట్టే. చార్జర్ పెట్టగానే పడి, తీసేస్తే నిలిస్తే లీకు చార్జర్‌లోనో కేబుల్‌లోనో ఉంది. బాగున్న ఇస్త్రీపెట్టెను అదే సాకెట్‌లో పెట్టి చూస్తే తేలిపోతుంది. సాకెట్ ఖాళీగా ఉన్నా వాన కురిసిన రాత్రులే పడుతుంటే డబ్బాలోకో పైపులోకో నీళ్ళు చేరుతున్నాయి. వానకీ చార్జర్ పాడవడానికీ సంబంధం లేకుండా, ఏ పరికరం పెట్టి ఆన్ చేసినా ప్రతిసారీ పడుతుంటే న్యూట్రల్ చూడాలి. ఎలక్ట్రీషియన్ దగ్గరలోని పాత బోర్డు నుంచి న్యూట్రల్ అరువు తెచ్చి ఉంటాడు. ఫేజ్ ఆర్‌సీబీవో గుండా వెళ్ళి న్యూట్రల్ వేరే దారిన తిరిగి వస్తుంది, దాని లెక్క ఎప్పటికీ సరిపోదు. పరికరం మార్చడం దీనికి మందు కాదు. డీబీ నుంచి కొత్త నల్ల వైరు లాగాలి.